మగ్గం వర్క్ బొటీక్‌కు గూగుల్, ఫేస్‌బుక్ పేజీ రివ్యూలు: ఎప్పుడు అడగాలి, ఎలా జవాబివ్వాలి

బ్లౌజు తీసుకోవడానికి వచ్చినప్పుడు కౌంటర్ దగ్గరే కవరు విప్పి చూసి "చాలా బాగుందండీ" అనని కస్టమరు మా షాపులో అరుదు. విజయవాడలో మా అక్కా నేనూ మగ్గం వర్క్ బొటీక్ మొదలుపెట్టిన తొలి ఏడాది, ఆ మాట చెవిన పడగానే గూగుల్ రివ్యూ పెట్టమని అడిగేవాళ్లం. "తప్పకుండా పెడతానండీ" అని వెళ్లినవారిలో ఎక్కువమంది పెట్టలేదు, పెట్టిన కొద్దిమందీ "నైస్", "గుడ్ వర్క్" అని ఒకటి రెండు మాటలతో సరిపెట్టారు. వాళ్లకు తీరిక లేదనుకుని ఊరుకున్నాం గానీ, తప్పు మాదేనని తర్వాత అర్థమైంది. మేము అడిగే సమయానికి ఆ బ్లౌజు ఇంకా ఆమె ఒంటిమీదికే రాలేదు. కుట్టు ఎలా ఉందో చెప్పడానికి ఆమె దగ్గర సంగతే లేదు.

మగ్గం బ్లౌజు మంచిచెడ్డలు తెలిసేది ఫంక్షన్‌లోనే. పీటల మీద మూడు గంటలు కూర్చున్నప్పుడు చంక దగ్గర పట్టేసిందా, జర్దోసీ లోపలివైపు గుచ్చుకుందా, చెమటకు లైనింగు రంగు దిగిందా, భోజనాల దగ్గర వంగి వడ్డించేటప్పుడు భుజం జారిందా, ఇంటికి వచ్చి చూసుకుంటే ఎన్ని కుందన్లు రాలాయి అన్న విషయాలు ట్రయల్‌రూమ్ అద్దంలో కనిపించవు. కొత్తగా షాపు కోసం వెతుకుతున్నవారు రివ్యూలలో తెలుసుకోవాలనుకునేవి కూడా సరిగ్గా ఇవే. అందుకని మేము అడిగే సమయాన్ని మార్చుకున్నాం. ఆ పద్ధతినే వరుసగా రాస్తున్నాను.

ముందుగా లింకు, క్యూఆర్ కోడ్

మీ షాపు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ధ్రువీకరణ పూర్తయి ఉండాలి. అది లేకపోతే రివ్యూలకు యజమానిగా జవాబివ్వడం కుదరదు. ప్రొఫైల్‌కు వాడిన అకౌంటుతో గూగుల్‌లో లాగిన్ అయి షాపు పేరు వెతికితే నిర్వహణ పలక కనిపిస్తుంది. అందులో Ask for reviews అన్న మీట నొక్కితే ఒక చిన్న లింకూ, దానితోపాటు క్యూఆర్ కోడూ వస్తాయి. లింకు ఈ రూపంలో ఉంటుంది:

```
https://g.page/r/.../review
```

మధ్యలో చుక్కలు పెట్టిన చోట మీ షాపు గుర్తు ఉంటుంది. ఈ లింకు నొక్కిన కస్టమరుకు నేరుగా నక్షత్రాలు ఇచ్చే పెట్టె తెరుచుకుంటుంది. "గూగుల్‌లో మా పేరు కొట్టి, కిందికి వెళ్లి, రివ్యూ రాయండి" అని నోటితో చెబితే సగం మంది దారిలోనే ఆగిపోతారు, కొందరు అదే పేరున్న వేరే ఊరి షాపుకు రాసేస్తారు. లింకును వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లైగా దాచుకుంటే ప్రతిసారీ వెతుక్కోనక్కరలేదు. దాచేముందు మీ ఇంట్లో వేరే ఫోనులో ఒకసారి తెరిచి, మీ షాపు పేరే వస్తోందో లేదో చూసుకోండి.

ఫంక్షన్ తేదీ ఆర్డరు పుస్తకంలోకి రావాలి

కొలతలు రాసుకునేటప్పుడు ప్రతి టైలరూ "ఎప్పటికి కావాలి" అని అడుగుతాడు. దానికి వచ్చే జవాబు ఫంక్షన్ తేదీ కాదు. టైలర్ల ఆలస్యం తెలిసినవారు గనక రెండు రోజులో వారమో ముందు తేదీ చెబుతారు, అందులో వారి తప్పేమీ లేదు. కాబట్టి "డెలివరీ ఎప్పటికి, ఫంక్షన్ ఎప్పుడు" అని రెండు ప్రశ్నలుగా అడిగి, పుస్తకంలో రెండు గడులుగా రాసుకోండి. రివ్యూ అడిగే తేదీ ఈ రెండో గడి నుంచి పుడుతుంది.

ఫంక్షన్ మర్నాడే అడగకూడదు. పెళ్లయితే మర్నాడు సత్యనారాయణ వ్రతమో, వియ్యంకుల ఇంటికి ప్రయాణమో, చుట్టాలను బండెక్కించడమో ఉంటుంది. మరీ ఆలస్యమైతే బ్లౌజు బీరువాలోకి వెళ్లిపోతుంది, గుర్తు కూడా మసకబారుతుంది. మా అనుభవంలో పెళ్లికి నాలుగో రోజు, ఓణీల ఫంక్షను, గృహప్రవేశం వంటివాటికి రెండో రోజు సరిపోయాయి. ఆ సమయానికి ఫోటోలు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి, "ఎక్కడ కుట్టించావు" అని ఎవరో ఒకరు అడిగి ఉంటారు. సాయంత్రం ఏడు దాటాక పంపిన మెసేజికి జవాబు తొందరగా వచ్చింది. పొద్దున్నే పంపినది వంట హడావిడిలో అడుగుకు వెళ్లిపోయింది.

అన్ని పనులకూ ఈ లెక్క వర్తించదు. ఫాల్, పికో, శారీ రోలింగ్ కోసం వచ్చినవారి పని కౌంటర్ దగ్గరే తేలిపోతుంది గనక వారిని అక్కడే అడగవచ్చు, కౌంటర్ మీద క్యూఆర్ కోడ్ ఉపయోగపడేది వారికే. అయితే మీ ఫోను వారి చేతికిచ్చి రాయించవద్దు. కస్టమరు తన ఫోనులో, తన అకౌంటుతో రాయాలి. ఒకే ఫోను నుంచి వరుసగా వచ్చే రివ్యూలను గూగుల్ అనుమానించడంలో వింతేమీ లేదు.

బాగుందన్నవారిని మాత్రమే అడగవచ్చా

ఇక్కడే చాలామంది పొరబడతారు. ముందు "ఎలా ఉంది" అని అడిగి, బాగుందన్నవారికి గూగుల్ లింకు పంపి, బాగాలేదన్నవారిని ఫోనులోనే బుజ్జగించి వదిలేయడం తెలివైన పద్ధతిగా కనిపిస్తుంది, మార్కెటింగ్ చెప్పేవారిలో కొందరు ఇదే నేర్పుతారు కూడా. కానీ మంచి రివ్యూలు వచ్చేలా కస్టమర్లను ఏరి అడగడం, చెడ్డ రివ్యూ రాయకుండా ఆపడం గూగుల్ నియమాలకు విరుద్ధం. రివ్యూకు బదులుగా డబ్బు, డిస్కౌంటు, ఉచిత వస్తువు ఇవ్వడం కూడా అంతే; "రివ్యూ పెడితే ఫాల్ ఫ్రీ" అన్న బోర్డు నిషేధం కిందికే వస్తుంది. మీ కారిగర్లు, బావమరిది, షాపులో పనిచేసే అమ్మాయి అయిదేసి నక్షత్రాలు ఇవ్వడమూ తప్పే. నియమాలు మీరినట్టు తేలితే గూగుల్ కొంతకాలం కొత్త రివ్యూలు తీసుకోకుండా ఆపవచ్చు, ఉన్న రివ్యూలను దాచవచ్చు, నకిలీ రివ్యూలు తొలగించామన్న హెచ్చరికను మీ ప్రొఫైల్ మీదే చూపవచ్చు. ఆ హెచ్చరిక చూసినవారెవరూ లోపలికి రారు.

అందుకని మనం ఎంచుకోవలసింది మనిషిని కాకుండా సమయాన్ని. కస్టమరు సహజంగా సంతోషంగా ఉండే ఘడియను పట్టుకుని అందరినీ అడగాలి. ఇబ్బంది పడినవారి విషయంలో ఆ ఘడియ కాస్త ఆలస్యంగా, మనం దాన్ని సరిచేశాక వస్తుంది. వారికీ అదే లింకు వెళ్లాలి. దీనివల్ల అప్పుడప్పుడూ మూడు నక్షత్రాలు కూడా వస్తాయి, అది భరించవలసినదే. నా మట్టుకు నేను అన్నీ అయిదే ఉన్న షాపు కంటే, మధ్యలో రెండు మూడు ఫిర్యాదులూ వాటికి మర్యాదగా ఇచ్చిన జవాబులూ ఉన్న షాపునే ఎక్కువ నమ్ముతాను.

రెండు మెసేజిలు, ఒక ఉదాహరణ

ఒక పెళ్లి ఆర్డరు ఎలా నడిచిందో చెబుతాను. పెళ్లికూతురి తల్లి నాలుగు బ్లౌజులు ఇచ్చారు: పెళ్లికూతురికి రెండు, తనకు ఒకటి, చిన్నమ్మాయికి ఒకటి. డెలివరీ ఎనిమిదో తేదీ, పెళ్లి పన్నెండున. పదహారో తేదీ సాయంత్రం అక్క ఈ మెసేజి పంపింది:

"నమస్తే అండీ. పెళ్లి బాగా జరిగిందని అనుకుంటున్నాం. నాలుగు బ్లౌజులూ ఫిట్టింగ్ ఎలా ఉన్నాయి? ఎక్కడైనా పట్టేసినా, వర్క్ ఊడినా చెప్పండి, సరిచేసి ఇస్తాం."

ఇందులో లింకు లేదని గమనించండి. రివ్యూ కోసమే పలకరించారన్న అభిప్రాయం కలిగితే కస్టమరు మర్యాదకు "బాగున్నాయండీ" అని ముగించేస్తారు. ఈమె మాత్రం వివరంగా చెప్పారు: పెద్దమ్మాయివి చాలా బాగున్నాయి, తనదీ బాగుంది, చిన్నమ్మాయి బ్లౌజు మాత్రం చెయ్యి బిగుతై భోజనాల వేళకు మార్చుకోవలసి వచ్చింది. ఆ మాట మేము అడగకపోతే మాకు ఎన్నటికీ తెలిసేది కాదు, తర్వాతి ఆర్డరు వేరే షాపుకు వెళ్లిపోయేది. చేతి కుట్టు లోపల మార్జిన్ వదిలాం గనక విప్పి అర అంగుళం వదులు చేసి, రెండు రోజుల్లో ఇచ్చాం, డబ్బు తీసుకోలేదు. చిన్నమ్మాయి వేసుకుని చూసుకున్నాక, ఆ సాయంత్రమే రెండో మెసేజి వెళ్లింది:

"ఇప్పుడు సరిపోయినందుకు సంతోషమండీ. వీలున్నప్పుడు మా షాపు గురించి మీకు అనిపించింది అనిపించినట్టు గూగుల్‌లో రాస్తే, కొత్తగా వచ్చేవారికి ఉపయోగపడుతుంది. తెలుగులో రాసినా సరే. లింకు ఇది."

ఆమె వెంటనే "ఏం రాయమంటారు" అని అడిగారు. చాలామంది అడుగుతారు. అప్పుడు నాలుగు వాక్యాలు మనమే తయారుచేసి పంపాలన్న కోరిక పుడుతుంది, దాన్ని అణచుకోవాలి. ఒకే రకం వాక్యాలు పదిమంది పేర్లతో కనిపిస్తే గూగుల్ వడపోతకూ, చదివేవారికీ ఇట్టే తెలిసిపోతుంది. "మీ చెల్లెలు అడిగితే మా షాపు గురించి ఏం చెబుతారో అదే రాయండి" అని అక్క జవాబిచ్చింది. ఆమె నాలుగు నక్షత్రాలు ఇచ్చి, ఒక బ్లౌజు చెయ్యి బిగుతైందని, అడిగి మరీ సరిచేశారని రాశారు. ఆ రివ్యూ చదివామని చెప్పి వచ్చిన కస్టమర్లు మాకు తర్వాత కనిపించారు. వట్టి అయిదు నక్షత్రాలు చూసి వచ్చామని చెప్పినవారు ఇంతవరకూ లేరు.

ఫోటో కూడా పెట్టమని అడగవచ్చు, కానీ ముఖం కనిపించే ఫోటో పెట్టడానికి చాలామంది ఆడవాళ్లు ఇష్టపడరు. వెనక నెక్ డిజైన్ వరకు, లేదా చెయ్యి వర్క్ వరకు తీసిన ఫోటో చాలని చెబితే నిస్సంకోచంగా పెడతారు.

రెండో మెసేజికి స్పందన లేకపోతే వారం తర్వాత ఒక్కసారి గుర్తుచేయండి, అంతటితో వదిలేయండి. మూడోసారి అడిగితే అది వసూలు అవుతుంది. ఇన్నాళ్లూ అడగలేదు కదా అని పాత కస్టమర్లందరికీ ఒకే రోజు బ్రాడ్‌కాస్ట్ పంపడం కూడా మంచిది కాదు. నెలకు ఒకటి వచ్చే చోట ఒక్క రోజులో ఇరవై వస్తే, అవి నిజమైనవే అయినా వడపోతలో చిక్కవచ్చు. రోజుకు ఇద్దరు ముగ్గురికి మించి పంపకపోతే ఈ సమస్య తగ్గుతుంది.

రాశానన్నారు, కనిపించడం లేదు

కస్టమరు ఫోనులో కనిపిస్తుంది, మీకు కనిపించదు. ముందుగా రివ్యూలను కొత్తవి పైకి వచ్చే క్రమంలో పెట్టి, వేరే అకౌంటున్న ఫోనులో చూడండి, ఎందుకంటే మామూలు వరుసలో కొత్త రివ్యూ ఎక్కడో కింద ఉండవచ్చు. అక్కడా లేకపోతే కొన్ని రోజులు ఆగండి. పరిశీలన పూర్తయ్యాక కనిపించేవి ఉంటాయి. అప్పటికీ రాకపోతే వడపోతలో పోయిందనుకోవాలి. రివ్యూలో ఫోను నంబరో, వేరే వెబ్‌సైటు లింకో ఉన్నా పోవచ్చు, కాబట్టి ఆ సంగతి కస్టమరును అడిగి, ఉంటే తీసేసి మళ్లీ పెట్టమనవచ్చు. లేకపోతే వదిలేయండి. మీ మేలు కోరి రాసిన మనిషిని అయిదుసార్లు రాయించడం న్యాయం కాదు.

ఫేస్‌బుక్ పేజీ సంగతి

ఫేస్‌బుక్ పేజీలో 2018 నుంచి నక్షత్రాల స్థానంలో ఈ షాపును సిఫారసు చేస్తారా, అవునా కాదా అన్న ప్రశ్న ఉంటుంది, దానికింద కారణం రాయాలి. మరీ ఒక మాటతో రాస్తే తీసుకోదు. పేజీ సెట్టింగులలో రివ్యూలు చూసే, రాసే అనుమతి తెరిచి ఉందో లేదో ముందు చూసుకోండి. మూసి ఉంటే కస్టమరుకు రాసే చోటే కనిపించదు. రాసినవారు దాన్ని తమ స్నేహితులకు మాత్రమే కనిపించేలా పెట్టి ఉంటే బయటివారికి కనబడదు, అది వారి ఇష్టం.

ఒకే మనిషిని గూగుల్‌లోనూ, పేజీలోనూ రాయమని అడగవద్దు. పేజీలో డిజైన్ చూసి మెసెంజర్‌లో మాతో ఆర్డరు మాట్లాడినవారిని పేజీలోనే అడుగుతాం, మిగిలినవారిని గూగుల్‌లో. మ్యాప్ చూసి దారి పట్టుకుని వచ్చేవారు ఎక్కువ గనక, తక్కువ ఓపిక ఉన్న షాపు గూగుల్ ఒక్కదానితో సరిపెట్టుకున్నా నష్టం లేదు.

మెచ్చుకున్నవారికి జవాబు

ప్రతి రివ్యూ కింద "మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు" అని అతికిస్తే జవాబివ్వనట్టే. కస్టమరు రాసిన దానిలోంచి ఒక సంగతి పట్టుకుని రెండు వాక్యాలు రాయండి. ఒకామె "నెమలి డిజైన్ ఫోటోలో ఉన్నట్టే వచ్చింది" అని రాస్తే, మేము ఇలా రాశాం: "నెమలి మెడ దగ్గర రంగులు కలపడానికి మా కారిగర్ రెండుసార్లు విప్పి కుట్టారండీ, మీ మాట ఆయనకు చదివి వినిపించాం." ఆమె తెలుగులో రాస్తే తెలుగులో, ఇంగ్లీషులో రాస్తే ఇంగ్లీషులో రాయండి. వట్టి నక్షత్రాలే ఇచ్చినవారికి ఒక్క వాక్యం చాలు. జవాబు మధ్యలో "విజయవాడలో బెస్ట్ మగ్గం వర్క్" వంటి మాటలు ఇరికించడం చదివేవారికి ఎబ్బెట్టుగా ఉంటుంది.

మెచ్చుకోలుకు జవాబులో కూడా కస్టమరు తానుగా చెప్పని వివరం బయటపెట్టకూడదు. "మీ అమ్మాయి నిశ్చితార్థం బ్లౌజు పన్నెండు వేలది కదండీ" అని ఉత్సాహంగా రాస్తే, ఆ ధర ఆమె తన అత్తగారికి చెప్పకపోయి ఉండవచ్చు. ధర, ఫంక్షను, కొలత, ఫోను నంబరు ఏదీ మన వైపు నుంచి రాకూడదు.

ఫిర్యాదుకు జవాబు

మొదటి నియమం: చదివిన గంటలో రాయవద్దు. రాత్రి పదకొండు గంటలకు రెండు నక్షత్రాలు కనబడితే చెయ్యి దురద పెడుతుంది. పొద్దున ఆర్డరు పుస్తకం తెరిచి, ఆ బ్లౌజు కుట్టినవారిని అడిగి, అప్పుడు రాయండి. రెండో రోజు దాటనివ్వకండి.

మా వృత్తిలో అతి ప్రమాదకరమైన జవాబు ఒకటుంది. "ఫిట్టింగ్ అస్సలు బాగాలేదు" అన్న రివ్యూ కింద ఒక షాపువారు "మేము మీ కొలతల ప్రకారమే కుట్టాం, ఈలోగా మీరు ఒళ్లు చేశారు" అని రాయడం నేను చూశాను. నిజం కావచ్చు. కొలత ఇచ్చిన రోజుకూ ఫంక్షను రోజుకూ మధ్య నెలన్నర గడిస్తే ఒళ్లు మారడం వింతేమీ కాదు. కానీ నలుగురిలో ఆ మాట చదివిన ఏ ఆడమనిషీ ఆ షాపులో కొలతలివ్వడానికి గడప తొక్కదు. అదే సందర్భంలో మేమైతే ఇలా రాస్తాం:

"ఫంక్షన్ రోజున ఇబ్బంది పడ్డారని తెలిసి బాధగా ఉందండీ. ట్రయల్‌కూ ఫంక్షన్‌కూ మధ్య ఎక్కువ రోజులు వచ్చినప్పుడు మేమే మరోసారి పిలిచి చూడవలసింది. బ్లౌజు తీసుకురండి, లోపల మార్జిన్ ఉంది, డబ్బు తీసుకోకుండా సరిచేసి ఇస్తాం. షాపు నంబరుకు ఫోన్ చేస్తే మీకు వీలైన సమయం చూసి ఉంటాం."

ఇందులో ఆమె ఇబ్బందిని ఒప్పుకున్నాం, మన వైపు పొరపాటు ఎక్కడుందో ఒక్కటి చెప్పాం, చేయగలిగింది చెప్పాం, మిగతా మాటలను ఫోనులోకి తీసుకెళ్లాం. మార్జిన్ నిజంగా ఉందో లేదో పుస్తకంలో చూశాకే ఆ మాట రాయాలి. చేయలేని పని నలుగురి ముందు ఒప్పుకుంటే రెండో ఫిర్యాదు మొదటిదానికంటే ఘాటుగా వస్తుంది. పొరపాటు మనది కాదని తేలినప్పుడు కూడా వాదన రెండు వాక్యాలు దాటకూడదు. "రెడ్ బ్లౌజు మీద రంగు దిగిన విషయంలో, గుడ్డ మీరు తెచ్చినది గనక ముందే నీళ్లలో తడిపి చూడమని ఆర్డరు రోజునే చెప్పాం" అని జరిగింది చెప్పి ఆపండి.

సరిచేసి ఇచ్చాక "నక్షత్రాలు మార్చండి" అని అడగడం మాకు ఇష్టం ఉండదు. రివ్యూ తీసేస్తే డబ్బు వాపసు ఇస్తామనడం మాత్రం ఇష్టాయిష్టాల సంగతి కాదు, గూగుల్ నిషేధించిన పని. మనం చేయదగినది మన జవాబును సవరించి, చివర "బ్లౌజు సరిచేసి ఇచ్చాం" అని చేర్చడం. మన జవాబు మొదట వచ్చినప్పుడే ఆమెకు కబురు వెళ్లి ఉంటుంది. మార్చాలనిపిస్తే ఆమే మారుస్తుంది.

అసలు మన దగ్గర కుట్టించని మనిషి రాసినట్టు అనిపిస్తే "ఇది ఫేక్, పోటీ షాపు వాళ్ల పని" అని రాయవద్దు. భర్త అకౌంటుతో భార్య రాసి ఉండవచ్చు, పేరు కలవకపోవడం రుజువు కాదు. "ఈ పేరుతో మా పుస్తకంలో ఆర్డరు కనబడలేదండీ, బిల్లు నంబరు పంపితే వెంటనే చూస్తాం" అని రాసి, రివ్యూ పక్కన మూడు చుక్కలు నొక్కి Report review ఎంచుకోండి. బూతులు, సంబంధం లేని విషయం, నకిలీ వంటి నియమ ఉల్లంఘన ఉంటేనే గూగుల్ తీసేస్తుంది. కుట్టు బాగుందా లేదా అన్న వివాదంలో అది తీర్పు చెప్పదు, కాబట్టి నచ్చని ప్రతి రివ్యూనూ రిపోర్టు చేయడం దండగ.

ఇన్నాళ్లూ జవాబివ్వకుండా వదిలేసినవి

ఆషాఢంలో ముహూర్తాలు లేక షాపు కాస్త ఖాళీగా ఉన్నప్పుడు పాత రివ్యూల పని పట్టవచ్చు. కూర్చున్న చోట కూర్చుని అన్నిటికీ జవాబులు కొడితే అన్నీ ఒకేలా తయారవుతాయి. రోజుకు అయిదు చొప్పున, ఫిర్యాదులతో మొదలుపెట్టి, తర్వాత కొత్తవాటి నుంచి పాతవాటికి వెళ్లండి. ఏడాది కిందటి ఫిర్యాదుకైతే ఆలస్యాన్ని మొదటి వాక్యంలోనే ఒప్పుకోండి: "ఇంతకాలం మీ మాట చూడకపోవడం మా పొరపాటండీ." మేము అలా రాసిన ఒక జవాబుకు, పదమూడు నెలల తర్వాత, అదే బ్లౌజు పట్టుకుని ఆమె శ్రావణ మాసం మొదటి వారంలో షాపుకు వచ్చారు. హుక్కుల పట్టీ మార్చి ఇచ్చాం. రివ్యూ ఇప్పటికీ రెండు నక్షత్రాల దగ్గరే ఉంది; వరలక్ష్మీ వ్రతానికి మాత్రం రెండు బ్లౌజులు మా దగ్గరే ఇచ్చారు.